పోగొట్టుకున్న చోటే వెతుక్కోబోయి: క్రిప్టోలో నా అనుభవం

2025 ఫిబ్రవరి 3, సోమవారం. పొద్దున్న 7:45కి లేచి ఫోన్ తీశాను. రాత్రి పడుకునేటప్పుడు ఫ్యూచర్స్ వాలెట్‌లో, అంటే కాయిన్ కొనకుండా దాని ధర మీద పందెం కాసే ఖాతాలో, 2,12,000 రూపాయలున్నాయి. ఇప్పుడు 1,72,000 చూపిస్తోంది. పొజిషన్, అంటే తెరిచి ఉంచిన ట్రేడ్, ఉండాల్సిన చోట ఖాళీ. కింద ఒక్క లైను, లిక్విడేట్ అయిందని, అంటే దానికి పెట్టిన డబ్బు కరిగిపోయి ఎక్స్ఛేంజే మూసేసిందని. మంచం మీద కూర్చునే ఇరవై నిమిషాల్లో ఇంకో ట్రేడ్ పెట్టాను. ఆ రోజు అర్ధరాత్రికి నా దగ్గర మిగిలింది 36,000.

నేను తాడేపల్లిగూడెం దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. పోయిన డబ్బు చీటీ పాడుకున్న డబ్బు. మేడ మీద గది వేద్దామని దాచినది. స్లాబ్‌కి ఇంకాస్త కూడదీయాలి కదా, ఈలోగా అదే కొంచెం పెరుగుతుందిలే అని 2,40,000 ఫ్యూచర్స్‌లోకి మార్చాను. స్పాట్‌లో, అంటే కాయిన్‌నే కొని అమ్మే చోట, అమ్మిన ప్రతిసారీ 1 శాతం టీడీఎస్, లాభం మీద 30 శాతం పన్ను, ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తగ్గించుకునే వీలు లేకపోవడం, ఇవన్నీ చూసి చాలామంది లాగే నేనూ ఫ్యూచర్స్ వైపు వెళ్లాను. అక్కడ లివరేజ్, అంటే మన డబ్బుకి ఎన్నో రెట్ల సైజులో ట్రేడ్ పెట్టే వీలు, ఉంటుందని తెలుసు. నేను ఓడిపోయినప్పుడు ఆ లివరేజ్ నా చేతిలో ఎలా మారుతుందో మాత్రం తెలియదు.

వరుస నష్టాలు సంక్రాంతి వెళ్లిన వారం నుంచే మొదలయ్యాయి. ఆరు ట్రేడ్లు, ఆరూ స్టాప్ లాస్, అంటే నష్టం ఇంతకు మించకుండా ముందే పెట్టుకున్న ధర, తగిలి మూసుకున్నాయి. అప్పటికి నాకో పద్ధతి ఉండేది. ఒక ట్రేడ్‌లో పోతే మొత్తం డబ్బులో 2 శాతానికి మించి పోకూడదు. అంటే మొదట్లో సుమారు 4,800. స్టాప్ లాస్ ఒకటిన్నర శాతం దూరంలో పెడితే, 4,800ని ఆ ఒకటిన్నర శాతంతో భాగిస్తే పొజిషన్ సైజు 3,20,000 వస్తుంది. ఆరు సార్లూ ఇలాగే చేశాను. ఆరూ పోయాక వాలెట్‌లో 2,12,000 ఉంది. అంటే పోయింది 28,000.

ఆ ఆరింటిలో తప్పేమీ లేదని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. నాణేన్ని వంద సార్లు ఎగరేస్తే, ఎక్కడో ఒకచోట వరుసగా ఆరు బొరుసులు పడే అవకాశం సగానికి పైనే ఉంటుంది. వంద ట్రేడ్లు చేసేవాడికి ఆరు నష్టాలు వరుసగా రావడం వింత కాదు. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. ఆరోది పోయిన రోజు నాకు అనిపించింది ఒక్కటే: మార్కెట్ నాకు 28,000 బాకీ ఉంది.

ఆదివారం రాత్రి, అంటే ఫిబ్రవరి 2న, బిట్‌కాయిన్ 98 వేల డాలర్ల ప్రాంతంలో ఉండగా, పెరిగితే లాభం వచ్చేలా లాంగ్ తీసుకున్నాను. ముందు రోజే కెనడా, మెక్సికో, చైనా సరుకుల మీద అమెరికా సుంకాలు ప్రకటించింది. పడిపోయిందంతా పడిపోయింది, ఇక లేస్తుంది అనుకున్నాను. సైజు మాత్రం పద్ధతి ప్రకారం పెట్టలేదు. 8 లక్షల పొజిషన్, 20 రెట్ల లివరేజ్, 40,000 మార్జిన్, అంటే దానికి నా డబ్బులోంచి పెట్టింది. స్టాప్ లాస్ 96,500 దగ్గర పెట్టాను. అది తగిలితే 12,000 పోతుంది. రాత్రి పదకొండు దాటాక ధర దాని దగ్గరికి వస్తుంటే, 'కాస్త ఊపిరాడనిద్దాం' అనుకుని స్టాప్ లాస్ తీసేశాను. తీసేసి పడుకున్నాను. 20 రెట్ల దగ్గర ధర సుమారు నాలుగున్నర శాతం ఎదురు తిరిగితే మార్జిన్ మొత్తం పోతుంది. తెల్లవారేసరికి బిట్‌కాయిన్ 92 వేల కిందకి కూడా వెళ్లి వచ్చింది. 12,000తో పోవాల్సింది 40,000 అయింది.

ఆ తర్వాతి ఇరవై నిమిషాలు నాకు చాలా స్పష్టంగా గుర్తున్నాయి. కోపం లేదు. ఏడుపు రాలేదు. చేతులు చల్లగా ఉన్నాయి, తల మాత్రం చాలా చురుగ్గా పనిచేస్తోంది. నేను లెక్క వేస్తున్నాను. 40,000 పోయింది. ఇంకో రెండున్నర శాతం కిందకి వెళ్తే చాలు. 40,000ని రెండున్నర శాతంతో భాగిస్తే 16,00,000. కాబట్టి ధర పడితే లాభం వచ్చేలా 16 లక్షల షార్ట్. 20 రెట్ల మీద 80,000 మార్జిన్. 93 వేల దగ్గర షార్ట్ పెట్టి, బ్రష్ చేసుకోవడానికి వెళ్లాను. స్టాప్ లాస్ పెట్టలేదు, ఎందుకంటే ఈసారి పోకూడదు.

మధ్యాహ్నం దాకా మిల్లులో లోడింగ్ చీటీల మధ్య ఫోన్ పెట్టుకుని చూస్తూనే ఉన్నాను. ధర 95 వేలకి వచ్చింది. తట్టుకోలేక మూసేశాను. 34,400 నష్టం, పైన ఫీజు 1,600. ఫీజు చాలా చిన్నదిగా కనిపిస్తుంది, ఒక్కో వైపు 0.05 శాతమే. కానీ అది మార్జిన్ మీద కాదు, మొత్తం పొజిషన్ మీద పడుతుంది. 20 రెట్ల మీద ఒకసారి లోపలికెళ్లి బయటికొస్తే మార్జిన్‌లో 2 శాతం ఫీజుకే పోతుంది. వరుసగా పగబట్టి ట్రేడ్లు చేసేవాడి డబ్బు ధర కదలకపోయినా ఇలా కరిగిపోతుంది.

మిగిలింది 1,36,000. సాయంత్రం ఇంటికొచ్చాక 95 వేల దగ్గర మళ్లీ షార్ట్. ఈసారి లక్ష మార్జిన్, 20 లక్షల పొజిషన్. రాత్రి తొమ్మిది ప్రాంతంలో మెక్సికో మీద సుంకాలు నెల రోజులు వాయిదా వేశారన్న వార్త వచ్చింది. బిట్‌కాయిన్ నిటారుగా లేచింది, లక్ష డాలర్లు దాటేసింది. నాది 99,300 దగ్గరే అయిపోయింది. అంటే ఒకే రోజు కిందకి పడేటప్పుడు లాంగ్‌లో ఉన్నాను, పైకి లేచేటప్పుడు షార్ట్‌లో ఉన్నాను.

మా వైపు కోడిపందేల బరుల దగ్గర చిన్నప్పటి నుంచి వినే మాట ఒకటుంది, పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని. ఓడినవాడు ఆ మాట చెప్పుకునే మళ్లీ బరిలోకి దిగుతాడు. ఆ రోజంతా నా తలలో తిరిగింది ఆ మాటే.

మూడు రోజుల తర్వాత పాత పుస్తకం తెరిచి అన్ని ట్రేడ్లూ పద్దులా రాశాను. ఎంతకి కొన్నాను, ఎంతకి పోయింది, సైజు ఎంత, ఆ సైజు ఎందుకు. చివరి గడి నింపేటప్పుడు చెయ్యి ఆగింది. మొదటి ఆరింటికి సమాధానం ఒకటే: స్టాప్ లాస్ దూరాన్ని బట్టి. ఏడోది వరుస నష్టాల మీద విసుగుతో పెంచినది. ఎనిమిదికి, తొమ్మిదికి సమాధానం వేరు: పోయినదాన్ని బట్టి. తొమ్మిదోదైతే ఇంకా ఘోరం, వాలెట్‌లో ఉన్నదాన్ని బట్టి.

రివెంజ్ ట్రేడింగ్ అంటే కోపంగా చేసేదని అందరూ అంటారు. నాకు కోపం రాలేదు కాబట్టే నేను చేస్తున్నది అదేనని గుర్తుపట్టలేకపోయాను. నా విషయంలో దాన్ని పట్టించింది లెక్కే. సైజు చార్ట్ నుంచి వస్తే అది ట్రేడ్. పోయిన మొత్తం నుంచి వస్తే అది పగ. మనసు ప్రశాంతంగా ఉందా లేదా అని ఆ సమయంలో మనల్ని మనం అడిగితే ఉందనే చెబుతుంది. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగితే మాత్రం అబద్ధం చెప్పడం కష్టం. పద్ధతిగా పోయిన ఆరు ట్రేడ్ల ఖరీదు 28,000. ఆ తర్వాత ఒక్క రోజులో మూడు ట్రేడ్ల ఖరీదు 1,76,000.

మా ఆవిడకి చెప్పడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. తను అరవలేదు. "మొత్తం ఎంత?" అని అడిగింది. చెప్పాను. మేము నెలకి 7,000 దాస్తాం. "అంటే ఇరవై తొమ్మిది నెలలండీ" అంది. నాకు శాతాల్లో కనిపించిన నష్టం తనకి నెలల్లో కనిపించింది. ఆ మాటకి నేను చాలాసేపు తల ఎత్తలేకపోయాను.

36,000 నుంచి 2,40,000కి తిరిగి రావాలంటే ఐదున్నర రెట్లకు పైగా లాభం రావాలి. ఇది తెలిసి కూడా రోజూ లోపల ఎక్కడో ఆ 2,04,000 గురించి లెక్క నడుస్తూనే ఉండేది. అది ఆగింది మార్చి నెలాఖరులో, మిల్లులో సంవత్సరాంతపు లెక్కలు మూసేటప్పుడు. ఒక కిరాణా కొట్టు రెండేళ్లుగా బియ్యం బాకీ కట్టడం లేదు. దాన్ని మళ్లీ కొత్త పుస్తకంలోకి ఎత్తి రాయబోతుంటే మా పెద్ద గుమాస్తా గారు ఆపారు. "అది రాని బాకీ కింద కొట్టెయ్యి బాబూ. ఆ అంకె పుస్తకంలో కనిపిస్తూ ఉంటే, అది వసూలు చేద్దామనే వాడికి ఇంకో నాలుగు బస్తాలు అరువు పంపుతాం" అన్నారు.

ఆయనకి నా సంగతి ఏమీ తెలియదు. ఆ రాత్రి నా పుస్తకంలో 2,04,000 అని రాసి, రాని బాకీ అని పక్కన రాసి, అడ్డంగా గీత కొట్టాను. తర్వాతి పేజీలో ప్రారంభ నిల్వ 36,000 అని రాశాను. వినడానికి చిన్న పని. కానీ దాని తర్వాతే 'రావాల్సింది' అనే మాట నా తలలోంచి తగ్గింది.

ఆగడం అనేది నిజంగా ఎలా చేయాలో ఆ రెండు నెలల్లోనే నేర్చుకున్నాను. ట్రేడ్ చేయకుండా చార్ట్ చూస్తూ కూర్చుంటే అది ఆగడం కాదు, కాచుకుని కూర్చోవడం. మొదటి వారం రాత్రి మూడింటికి మెలకువ వచ్చి ఫోన్ వైపు చెయ్యి వెళ్లేది. హోమ్ స్క్రీన్ మీద ధర చూపించే విడ్జెట్ తీసేశాను, ఏది కొనాలో ఏది అమ్మాలో చెప్పే గ్రూపుల నుంచి బయటికొచ్చాను. డబ్బంతా బ్యాంకులోకి వెనక్కి తెచ్చాను. ఫ్యూచర్స్ వాలెట్‌లో డబ్బుండటం, జేబులో డబ్బుతో బరి దగ్గర నిలబడటం ఒకటే. బ్యాంకు నుంచి మళ్లీ పంపాలంటే పట్టే ఆ కాస్త సమయం చాలాసార్లు నన్ను కాపాడింది.

ఏప్రిల్‌లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు ముందు తేల్చుకున్నది రోజు ఎప్పుడు ముగుస్తుంది అన్నది. షేర్ మార్కెట్ మధ్యాహ్నం 3:30కి మూసేస్తారు. ఎంత పగబట్టినా మరుసటి రోజు దాకా ఆగాల్సిందే. క్రిప్టోకి ఆ గంట లేదు. అర్ధరాత్రి, ఆదివారం, పండగ రోజు, ఎప్పుడైనా తెరిచే ఉంటుంది. చార్ట్‌లో ఒక్కో రోజు ధరని చూపించే క్యాండిల్ మన టైము ప్రకారం పొద్దున్న 5:30కి మారుతుంది. దాన్నే నా గంటగా పెట్టుకున్నాను. రెండు స్టాప్ లాస్‌లు తగిలితే, అది పొద్దున్న పదింటికే అయినా సరే, మర్నాడు 5:30 దాకా లేదు. రెండే ఎందుకంటే, పాత పద్దు తిరగేస్తే నన్ను పూర్తిగా ముంచింది ఆ ఒక్క రోజులో మూడోదే. ఇంకొకరికి ఆ అంకె వేరే ఉండొచ్చు, వాళ్ల పాత ట్రేడ్లు చూసుకుంటే తెలుస్తుంది.

ఒక్కో ట్రేడ్‌లో పోయేది ఇప్పుడు 1 శాతం, అంటే 360. స్టాప్ ఒకటిన్నర శాతం దూరంలో ఉంటే పొజిషన్ 24,000. లివరేజ్ 3 రెట్లు దాటదు. మొత్తం 6 శాతం తగ్గితే వారం రోజులు సెలవు. సెలవు నుంచి వచ్చాక మొదటి పది ట్రేడ్లు సగం సైజుతో. ఈ చివరిది చాలా ముఖ్యమని నాకనిపిస్తుంది, ఎందుకంటే వారం ఆగి వచ్చినవాడు 'ఇన్నాళ్లు ఆగాను కదా' అని పెద్దది పెట్టాలని చూస్తాడు. నేనూ చూశాను.

అన్నిటికంటే గట్టి తాళం మా ఆవిడ దగ్గరుంది. లాగిన్‌కి కావాల్సిన ఆరంకెల కోడ్ చూపించే యాప్ నా ఫోన్‌లో తీసేసి తన ఫోన్‌లో పెట్టాం. రెండో నష్టం తర్వాత నేను లాగవుట్ అవుతాను. మళ్లీ లోపలికి వెళ్లాలంటే తనని అడగాలి. తను అడిగేది ఒకే ప్రశ్న: "ఇవాళ ఎంత పోయింది?" ఆ అంకె పైకి చెప్పాక ఇంకో ట్రేడ్ పెట్టాలనిపించదు. ఒక్క జాగ్రత్త ఉండాలి. లాగవుట్ అయ్యేటప్పుడు తెరిచి ఉన్న పొజిషన్ ఏదీ ఉండకూడదు, ఉంటే దాని స్టాప్ లాస్ ముందే ఎక్స్ఛేంజ్‌లో నమోదై ఉండాలి. మనం బయట ఉన్నా అది పనిచేస్తుంది. మనసులో పెట్టుకున్న స్టాప్ లాస్ పనిచేయదు.

ఇవన్నీ పెట్టుకున్నాక కూడా తప్పాను. మే 6న 6 శాతం గీత తాకి వారం సెలవులోకి వెళ్లాను. 8వ తేదీ గురువారం బిట్‌కాయిన్ మళ్లీ లక్ష డాలర్లు దాటింది. ఈథర్ అనే ఇంకో కాయిన్ ఆ ఒక్క రోజులోనే 20 శాతం దాకా లేచింది. పోగొట్టుకోవడం కంటే, అందరూ సంపాదిస్తుంటే బయట నిలబడటం ఎక్కువ బాధిస్తుందని అప్పుడే తెలిసింది. మా ఆవిడని కోడ్ అడగలేదు. ఎప్పుడో కేవైసీ చేసి వదిలేసిన ఇంకో యాప్ ఉంది, అందులోకి జీతం డబ్బు పంపి, ధర బాగా పెరిగాక కొన్నాను. 9,000 పోయింది.

ఆ తప్పు నాకు నేర్పింది ఒకటే. నేను తాళం వేసింది ఒక యాప్‌కి, నాకు కాదు. ఆ రెండో అకౌంట్ అదే వారం మూయించేశాను. ఇంకో నియమం కూడా చేర్చాను: సెలవులో ఉండగా మార్కెట్ ఎంత పెరిగినా, దాన్ని నష్టాల గడిలో రాయకూడదు. చేతిలో లేనిది పోయినట్టు రాసుకుంటే, దాన్ని వసూలు చేయడానికి మళ్లీ సైజు పెరుగుతుంది. అదీ పగే, కాకపోతే పోనిదాని మీద పగ.

అక్టోబర్ 10, శుక్రవారం. సాయంత్రం రెండు స్టాప్ లాస్‌లు తగిలాయి. మూడోది చేయాలని చాలా గట్టిగా అనిపించింది. బాగా దొరికిన ఎంట్రీ అని ఇప్పటికీ అనుకుంటాను. వంటింట్లోకి వెళ్లాను. తను గిన్నెలు తోముతోంది.

"కోడ్ ఒకసారి చెప్తావా?"

"ఎంత పోయిందండీ ఇవాళ?"

"రెండు. ఏడు వందలు దాటింది."

తను కొళాయి కట్టి చెయ్యి తుడుచుకుని నా వైపు చూసింది. "పొద్దున్న అయిదున్నరకి లేపనా?" అంది.

ఆ రాత్రి రెండున్నర ప్రాంతంలో, చైనా సరుకుల మీద అదనంగా 100 శాతం సుంకం వేస్తామన్న ప్రకటన వచ్చిన కొద్దిసేపటికే, మార్కెట్ కుప్పకూలింది. ఆ ఒక్క రోజులో ప్రపంచమంతటా లిక్విడేట్ అయిన పొజిషన్లు 1,900 కోట్ల డాలర్లకు పైగానే. నేను చేయాలనుకున్నది లాంగే. అయితే దాన్ని నా నియమాల తెలివి కింద లెక్క వేసుకోను. అదే రాత్రి మార్కెట్ పైకి లేచి ఉంటే కూడా నేను బయటే ఉండేవాణ్ణి, ఆ నియమం సరైనదే అయ్యేది.

పొద్దున్న 5:30కి తను లేపింది. చార్ట్ చూశాను. ఆ పడిపోయిన క్యాండిల్ చూసి, ఇప్పుడు కొంటే ఎంతొస్తుంది అని ఒక అంకె తలలోకి వచ్చింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకున్నాను. నిన్నటి ఏడు వందల నుంచి కాదు, ఫిబ్రవరి నాటి 2,04,000 నుంచి. గీత కొట్టిన పేజీ నుంచి. ఫోన్ తనకి ఇచ్చేసి, మిల్లుకి బయల్దేరాను.